అసర్ నుంచి రుఖ్సతీ వరకు: మ్యాట్ ఫౌండేషనా, డ్యూయీ ఫౌండేషనా?



నంద్యాల ప్రాంతం నుంచి ఒక తల్లి రాసిన లేఖ ఈ నెల శీర్షికకు ఆధారం. ఆమె పెద్ద కుమార్తె నికాహ్ మే నెలలో జరగనుంది. అసర్ వేళకు షాదీఖానాకు చేరుకుంటారు. మగ్రిబ్ తర్వాత నికాహ్. రుఖ్సతీ అయ్యేసరికి రాత్రి 11 గంటలు దాటుతుంది. అమ్మాయి బుగ్గల మీద పాత మొటిమలు మిగిల్చిన చిన్న గుంటలు ఉన్నాయి. ముక్కు, నుదురు త్వరగా జిడ్డెక్కుతాయి. పెదవుల చుట్టూ మాత్రం చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. "అలంకరణ చేసే ఆమె మ్యాట్ ఫౌండేషన్ వేస్తే తెల్లవారేదాకా చెక్కుచెదరదు అంటున్నది. మా చిన్నమ్మాయేమో ఇప్పుడందరూ డ్యూయీయే వేసుకుంటున్నారు, బాజీకి కూడా అదే వేయించాలి అని పట్టుబడుతున్నది. ఆపా, ఏది వేయించమంటారు? ఏది వేసినా నమాజు సంగతి ఎలా?" అని ఆ సోదరి అడిగారు.

చివరి వాక్యాన్ని ఆమె జంకుతూ చేర్చినట్టున్నారు. నిజానికి మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఆ చివరి వాక్యంలోనే ఉంది. అది ఎలాగో చెప్పే ముందు, ఈ రెండు రకాలూ ముఖం మీద ఏం చేస్తాయో చూద్దాం. జనానా వరకు, మహ్రమ్‌ల ఎదుట వరకు పరిమితమైన అలంకరణ గురించే ఇక్కడ మాట్లాడుతున్నానని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఫౌండేషన్ అంటే రంగుపొడిని ఒక ద్రవంలో కలిపి ముఖానికి పలుచని పొరగా పరచడమే. మ్యాట్ రకంలో పొడి పాలు ఎక్కువ. సిలికా వంటి నూనెను పీల్చే పొడులు అందులో ఉంటాయి. ద్రవంలో అధిక భాగం త్వరగా ఆవిరైపోయే గుణం గలది కనుక, పూసిన కొద్ది నిమిషాలకే అది ఎగిరిపోయి రంగు, పొడి చర్మాన్ని అంటిపెట్టుకొని బిగుసుకుంటాయి. ఎక్కువ గంటలు నిలుస్తాయని చెప్పే రకాల్లో దీనికి తోడు సిలికోన్ జాతి జిగురు పదార్థాలు కూడా ఉండి, ఆరాక నీటికి లొంగని పొరగా మారతాయి. డ్యూయీ రకంలో పొడి తక్కువ. గ్లిజరిన్ వంటి తేమను పట్టి ఉంచే పదార్థాలు, ఆవిరి కాని నూనెలు ఎక్కువ. అది పూర్తిగా ఆరదు. ఆ ఆరని తడే మంచు బిందువు వంటి మెరుపునిస్తుంది. ఆ తడి వల్లనే అది త్వరగా జారుతుంది, దుపట్టా అంచుకు అంటుకుంటుంది.

ఇక చర్మపు తీరు. దీన్ని అర్థం చేసుకోవడానికి మన ఇళ్ళ గోడలే చాలు. ఎగుడుదిగుడుగా ఉన్న పాత గోడకు సున్నం వేస్తే గతుకులు అంతగా కంటికి ఆనవు. సున్నం మీద పడిన వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అదే గోడకు నిగనిగలాడే ఎనామిల్ పెయింటు వేసి చూడండి. ప్రతి బొడిపె మీదా ఒక వెలుగు చుక్క, దాని పక్కనే ఒక నీడ, గోడ చరిత్ర అంతా బయటపడుతుంది. మ్యాట్ సున్నం వంటిది, డ్యూయీ ఎనామిల్ వంటిది. ఎత్తుగా లేచిన మొటిమలు, గుంటలు, ముక్కు పక్కన తెరుచుకున్న రంధ్రాలు ఉన్న చోట మెరుపు ఎంత తగ్గితే అంత మంచిది.

అయితే సున్నానికీ ఒక లోపం ఉంది. పెచ్చులూడుతున్న గోడ మీద వేస్తే పెచ్చు అంచులన్నీ తెల్లగా లేచి కనబడతాయి. పొట్టు లేచిన చర్మం మీద మ్యాట్ అలాగే ప్రవర్తిస్తుంది. అందులోని పొడి చర్మంలో మిగిలిన కొద్దిపాటి తేమను, నూనెను పీల్చుకొని, పొట్టు అంచుల దగ్గర పేరుకుంటుంది. కళ్ళ కింద, పెదవుల పక్కన సన్నని ముడతలు ఉన్నవారికి ఎండిన చెరువు అడుగులా గీతలు పడతాయి. అక్కడ తేమ గల రకమే చర్మంతో పాటు వంగుతుంది, మడుగుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "నాది జిడ్డు చర్మం కనుక మ్యాట్, నాది పొడి చర్మం కనుక డ్యూయీ" అని ముఖమంతటికీ ఒకే తీర్పు చెప్పేస్తారు. చర్మం ఎంత జిడ్డుగా ఉన్నదన్నది ఒక విషయం, దాని ఉపరితలం ఎలా ఉన్నదన్నది మరొక విషయం. జిడ్డు చర్మం నున్నగానూ ఉండవచ్చు. పొడి చర్మం మీద గుంటలూ ఉండవచ్చు. ఆ నంద్యాల అమ్మాయి ముఖంలో ఈ రెండూ మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నాయి. ఆమె ముఖం మొత్తానికి మ్యాట్ వేస్తే పెదవుల చుట్టూ పొట్టు తేలుతుంది. మొత్తానికి డ్యూయీ వేస్తే బుగ్గల గుంటలు షాదీఖానా దీపాల కింద లెక్కపెట్టేలా కనబడతాయి. అలంకరణ చేసే ఆమె మాటా, చెల్లెలి మాటా చెరి సగమే నిజం.

మీ ముఖంలో ఏ భాగం ఎలాంటిదో తెలుసుకోవడానికి దుకాణంలో అమ్మకందారు అభిప్రాయం అక్కరలేదు. ఒక ఉదయం మామూలు ఫేస్‌వాష్‌తో ముఖం కడిగి, ఏమీ రాయకుండా గంటసేపు ఇంటిపని చేసుకోండి. తర్వాత పలుచని టిష్యూ కాగితాన్ని నుదుటి మీద, ముక్కు మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద విడివిడిగా కొన్ని క్షణాలు అద్ది, వెలుతురుకు ఎత్తి చూడండి. నూనె అంటిన చోట కాగితం పారదర్శకంగా మారుతుంది. అది జిడ్డు పరీక్ష. ఉపరితలపు పరీక్షకు కిటికీ కావాలి. ఉదయపు వెలుతురు పక్క నుంచి పడేలా కిటికీకి ఒక భుజం ఆనించి నిలబడి, చేతి అద్దంలో చూసుకోండి. ఎదురు వెలుతురులో కనబడని ఎత్తుపల్లాలన్నీ పక్క వెలుతురులో నీడలుగా కనబడతాయి. స్నానాలగదిలో నెత్తి మీద బల్బు కింద చూసుకొని తీర్మానించుకోకండి. ఆ వెలుతురు కొన్ని లోపాలను దాస్తుంది, లేనివాటిని కల్పిస్తుంది.

ఒక హద్దు కూడా ఇప్పుడే చెప్పాలి. ఫౌండేషన్ మచ్చ రంగును కప్పగలదు, గుంట ఆకారాన్ని పూడ్చలేదు. గుంటను పూడ్చాలని పొర మీద పొర వేస్తే, రెండు గంటలు తిరిగేసరికి ఆ పదార్థమంతా గుంటలోకి దిగి, అక్కడొక చుక్క పెట్టినట్టు కనబడుతుంది. గుంటలున్న చోట పలుచని పొరే శ్రేయస్కరం. దాన్ని వేలితో రుద్దకుండా, తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దుతూ పరచాలి.

ఇక వేడుక నిడివి మాట. సాధారణంగా ఇచ్చే సలహా ఇలా ఉంటుంది: రెండు మూడు గంటల విందుకు డ్యూయీ, రోజంతా సాగే పెళ్ళికి మ్యాట్. ఈ సలహాకు కారణం లేకపోలేదు. చర్మం నుంచి నూనె నిరంతరం ఊరుతూనే ఉంటుంది. డ్యూయీలో ముందే నూనెలు ఉన్నందున, దానికి చర్మపు నూనె తోడైతే పొర పలుచబడి జారుతుంది. నా అనుభవంలో మే నెల ఉక్కలో జిడ్డు గల ముక్కు మీద అది మూడు గంటలు నిలిస్తే గొప్ప. మ్యాట్‌లోని పొడి ఆ నూనెను కొంతకాలం పీలుస్తుంది కనుక ఎక్కువసేపు నిలబడుతుంది. కానీ పీల్చుకునే శక్తికి అంతు ఉంది. పొడి తడిసిపోయిన క్షణం నుంచి ముక్కు పక్కన రంగు ముద్దలుగా విడిపోతుంది. ముఖం సాయంత్రం కంటే ఒక ఛాయ నల్లబడినట్టూ కనబడుతుంది. పొడి ఇసుక కంటే తడిసిన ఇసుక నల్లగా కనబడినట్టే, నూనెలో తడిసిన రంగుపొడి ముదురుగా కనబడుతుంది. మరొక సంగతి: మ్యాట్ నూనెను ఆపగలదు గానీ చెమటను ఆపలేదు. చెమట పొర కింది నుంచి వచ్చి దాన్ని పైకి లేపుతుంది.

ఇప్పుడు ఆ సోదరి చివరి ప్రశ్నకు వద్దాం. అయిదు నుంచి పదకొండు వరకు, అంటే ఆరు గంటలకు పైగా నిలిచే పొర కావాలని అందరూ లెక్కవేస్తున్నారు. కానీ ఆ ఆరు గంటల్లో మగ్రిబ్ ఉంది, ఇషా ఉంది. దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 6వ ఆయతులో వుజూకై కడగవలసిన అవయవాల్లో మొట్టమొదట పేర్కొన్నది ముఖమే. నీరు చర్మాన్ని తాకకుండా అడ్డుపడే పొర ఉంటే దాన్ని తొలగించిన తర్వాతే వుజూ నెరవేరుతుందన్నది ఉలమాలు చెప్పే మాట. మెహెందీ చర్మంలోకి ఇంకే రంగు మాత్రమే కనుక దానితో ఇబ్బంది లేదు. ఫౌండేషన్, ముఖ్యంగా నీటికి లొంగని రకం, రంగు కాదు, పొర. వుజూ చేసుకున్న తర్వాత వేసుకుంటే, ఆ వుజూ నిలిచి ఉన్నంతవరకు నమాజుకు ఆటంకం లేదు. వుజూ పోయాక మాత్రం అది తొలగాల్సిందే. అలంకరణ చెదురుతుందన్న భయం తయమ్ముమ్‌కు సాకు కాదు. మీ చేతిలోని ఫలానా పదార్థం పొర కడుతుందా లేదా అన్న సందేహం ఉంటే మీ ఆలిమ్‌ను అడగండి. సందేహం వచ్చినప్పుడు కడిగేయడమే నేను పాటించే పద్ధతి.

కాబట్టి ఫౌండేషన్‌ను ఎంచుకునేటప్పుడు వేడుక మొత్తం ఎన్ని గంటలు అన్నది అడగవలసిన ప్రశ్న కాదు. ఒకసారి వేసుకున్నాక మళ్ళీ ముఖం కడిగే వరకు నడిచే అతి పొడవైన వ్యవధి ఎంత అన్నదే ప్రశ్న. ఆ వ్యవధికి సరిపడే రకం చాలు. అంతకు మించిన గట్టి రకాన్ని వేసుకుంటే, కడగడానికి భయపడి ఇషాను అర్ధరాత్రి దాకా నెట్టడం, ఆ తర్వాత అలసటలో పోగొట్టుకోవడం జరుగుతుంది. పెళ్ళికూతుళ్ళు కన్నీళ్ళతో ఈ మాట చెప్పగా నేను విన్నాను.

ఆ అమ్మాయి సాయంత్రాన్ని గడియారం మీద పెట్టి చూద్దాం. ఆమె షాదీఖానాకు మామూలు ముఖంతోనే రావాలి. ఇంట్లోనే అలంకరించుకొని నఖాబ్ వేసుకొని బయలుదేరితే, దారి పొడవునా ఆ వస్త్రం ముక్కును, బుగ్గలను రాపిడి చేసి, డ్యూయీనైతే సగానికి సగం తనకే పూసుకుంటుంది. అక్కడికి చేరాక సుమారు 5 గంటలకు వుజూ చేసి అసర్ నమాజు ముగించి, 5:15కు అలంకరణకు కూర్చోవాలి. 6:30కు ముగియాలి. మే నెలలో ఆ ప్రాంతంలో మగ్రిబ్ 6:30 దాటాక వస్తుంది. వుజూ నిలిచి ఉంటే ముఖం మీద చేయి పెట్టకుండానే ఆ నమాజు చేసుకోవచ్చు. ఆ తర్వాత నికాహ్, దువా, దగ్గరివారితో జనానాలో కూర్చోవడం. ఇషా వేళ ఎనిమిది ప్రాంతంలో ప్రవేశిస్తుంది. 8:30 వరకు వుజూ నిలుపుకోగలిగితే ఇషా కూడా పూర్తవుతుంది, ఇక రాత్రంతా నిశ్చింత. మధ్యలో మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తే వుజూ పోతుంది. ఎండాకాలంలో నీళ్ళు తాగవద్దని పెళ్ళికూతురికి ఎవరూ చెప్పకూడదు. కనుక రెండో ఏర్పాటు కూడా సిద్ధంగా ఉంచాలి: 8:30కు కడగడం, వుజూ చేసి ఇషా చదవడం, 9 గంటల తర్వాత మరొకసారి తేలికగా వేయడం.

ఈ ఏర్పాటు ప్రకారం అతి పొడవైన వ్యవధి 5:30 నుంచి 8:30 వరకు, అంటే మూడు గంటలు. రెండో భాగం 9:15 నుంచి 11 వరకు, రెండు గంటల లోపు. తెల్లవారేదాకా చెక్కుచెదరని రకం ఆమెకు అవసరమే లేదు. కడగడానికి తలవంచని ఆ జిగురు పొర ఇక్కడ వరం కాదు, బరువు.

ఆమెకు నేను సూచించేది ఈ రెండింటి నడుమ ఉండే రకం. కొందరు దాన్ని శాటిన్ అంటారు, కొందరు నేచురల్ ఫినిష్ అంటారు. పూర్తిగా మెరవదు, పూర్తిగా ఎండదు. ఈ ఒక్క సీసాతోనే ముఖంలోని మూడు చోట్లకూ మూడు తీరులు తేవచ్చు. ముందుగా మాయిశ్చరైజర్. పెదవుల చుట్టూ రెండుసార్లు, బుగ్గల మీద ఒకసారి, ముక్కు మీద వేలికి మిగిలినది మాత్రమే. తర్వాత పది నిమిషాలు ఆగాలి. తడి ఇంకకముందే ఫౌండేషన్ వేస్తే అది కిందికి పట్టక, రబ్బరు ముక్కల్లా ఉండలు చుట్టుకొని ఊడివస్తుంది. జారుడుగా ఉండే సిలికోన్ ప్రైమర్ మీద నీరు ప్రధానంగా గల ఫౌండేషన్ వేసినా ఇదే జరుగుతుంది. అలా ఉండలు కడుతున్నాయంటే రుద్ది సరిచేయలేరు, తుడిచి మళ్ళీ మొదలుపెట్టవలసిందే.

ఫౌండేషన్ మొత్తం ముఖానికి రెండు శనగగింజలంత చాలు. సగం బుగ్గల మీద మొదలుపెట్టి పలుచగా అద్దండి. ఆరనిచ్చి, మచ్చ రంగు ఇంకా కనబడే చోట మాత్రమే కొద్దిగా మళ్ళీ అద్దండి. పెదవుల చుట్టూ, కళ్ళ కింద స్పాంజికి మిగిలినదే సరిపోతుంది. ఇప్పుడు పొడి. ముక్కు మీద, నుదుటి నడుమ, గుంటలున్న బుగ్గల భాగం మీద మెత్తని పఫ్‌తో కొద్దిగా ఒత్తితే ఆ మూడు చోట్లూ మ్యాట్ అవుతాయి. పెదవుల చుట్టూ పొడి పడనివ్వకండి. అక్కడ తేమ అలాగే ఉండాలి. మెరుపు కావాలన్న చెల్లెలి ముచ్చట తీర్చాలంటే బుగ్గ ఎముక పై అంచున, గుంటలు లేని నున్నని చోట, ఒక చుక్క తేమ అద్దితే చాలు. మెరుపు ఎక్కడైనా ఉండవచ్చు, గతుకు మీద మాత్రం ఉండకూడదు.

ఏడున్నర ప్రాంతంలో ముక్కు మెరవడం మొదలవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు పొడి డబ్బీ పట్టుకొని పరుగున వస్తారు. వారిని ఆపండి. నూనె మీద పొడి వేస్తే అది ముద్ద అవుతుంది. ముందు టిష్యూతో అద్ది నూనె తీసేయాలి, తుడవకూడదు. తుడిస్తే ఫౌండేషన్ కూడా వస్తుంది. అద్దిన తర్వాత కూడా మెరుపు ఉంటేనే పొడి, అదీ చిటికెడు. చెమట పట్టినా అంతే, అద్దడమే. బంధువుల్లో నిదానం గల ఒక పిన్నికి ఈ పని అప్పగించి, మిగిలినవారిని విందు ఏర్పాట్లకు పంపడం మంచిది.

ఇషాకు ముందు కడిగే పని కూడా తేలికే, క్రమం తెలిస్తే. పొడి ముఖం మీదే, నీరు తగలకముందే, మేకప్ తొలగించే నూనె గానీ బామ్ గానీ రాసి నిమిషం పాటు మెల్లగా మర్దన చేయాలి. ముక్కు రెక్కల పక్కన, కనుబొమల వెంట్రుకల మధ్య, జుట్టు మొదళ్ళ దగ్గర, చెవుల ముందు ప్రత్యేకంగా చూడాలి. ముఖం హద్దులు ఇవే కనుక వుజూకు కూడా ఇవే కీలకం. తర్వాత నీళ్ళతో, ఆ పైన ఫేస్‌వాష్‌తో కడగాలి. పోయిందో లేదో రెండు గుర్తుల ద్వారా తెలుస్తుంది. తడి దూదితో ఆ అంచుల్లో తుడిస్తే దూది తెల్లగానే రావాలి. ముఖం మీద చిలకరించిన నీరు సమంగా పరుచుకోవాలి. తామరాకు మీద బొట్లలా జారిపోతున్నదంటే పొర గానీ నూనె గానీ ఇంకా మిగిలి ఉన్నదని అర్థం. మరోసారి ఫేస్‌వాష్.

దీనికి అలంకరణ చేసే ఆమెతో ముందే ఒప్పందం ఉండాలి. రెండోసారి వేయడానికి ఆమె ఆగాలి, లేదా ఇంటి ఆడపిల్లల్లో ఒకరు నేర్చుకొని ఉండాలి. మసహ్ చేయవలసి ఉంటుంది కనుక ముందు జుట్టు మీద గట్టిపడే స్ప్రే కొట్టవద్దని, దుపట్టాను నుదుటి దగ్గర పది పిన్నులతో బిగించవద్దని, ఝూమర్ తేలికగా తీసి పెట్టేలా ఉంచమని చెప్పండి. కడిగేటప్పుడు మెడ చుట్టూ వెడల్పాటి తువ్వాలు చుట్టుకోవాలి. కనురెప్పలకు అతికించే కృత్రిమ వెంట్రుకలు ఈ ఏర్పాటులో అసలు ఇమడవు. వాటి జోలికి వెళ్ళవద్దనే నా సలహా. ఇక రెండోసారి ఫౌండేషన్ ఒకే పొర, ఒక శనగగింజంత. కడిగిన చర్మం పొడిబారుతుంది కనుక మాయిశ్చరైజర్ మాత్రం మరువకూడదు. రాత్రి చల్లబడ్డాక, రెండు గంటల లోపు వ్యవధికి, చెల్లెలు కోరిన డ్యూయీని నున్నని భాగాల మీద కాస్త ధారాళంగా కూడా వాడవచ్చు.

నమాజు మినహాయింపు ఉన్న రోజుల్లో నికాహ్ పడితే ఈ లెక్క మారుతుంది. అప్పుడు మధ్యలో కడగడం ఉండదు, వ్యవధి నిజంగానే ఆరు గంటలు అవుతుంది. ముక్కుకు, నుదుటికి, బుగ్గలకు మ్యాట్ రకమే తీసుకొని, పెదవుల చుట్టూ మాత్రం శాటిన్ వాడటం మేలు. మేకప్ తొలగించే నూనె అప్పుడూ ఇంట్లో ఉండాలి. ఎంత అలసి ఉన్నా ఆ పొరతో నిద్రపోకూడదు, ముఖ్యంగా మొటిమల చరిత్ర ఉన్న చర్మంతో.

లేఖ రాసిన తల్లి తన గురించి ఏమీ అడగలేదు. తల్లులు అడగరు. యాభై దాటిన చర్మానికి కూతురి సీసా సరిపడకపోవచ్చు. నున్నగా ఉన్నా సన్నని ముడతలు పడే చర్మం అది. నూనె కూడా తక్కువగానే ఊరుతుంది. ఆమెకు డ్యూయీ రకమే నప్పుతుంది, పొడి లేకుండా. మరుసటి రోజు వలీమా మధ్యాహ్నం అయితే, జుహర్ ముగించుకొని వేసుకుంటే అసర్ లోపు విందు పూర్తవుతుంది. రెండు మూడు గంటల వ్యవధి. ఆమెకు జారుతుందన్న భయం ఉండదు, కడగడమూ తేలిక.

చివరగా ఒక పూర్వప్రయోగం తప్పనిసరి. నికాహ్‌కు రెండు వారాల ముందు, ఏదో ఒక మామూలు రోజున అసర్ తర్వాత ఇదే క్రమంలో వేసుకొని ఇషా వరకు ఇంటిపనుల్లో ఉండండి. వేసిన పది నిమిషాలకు నఖాబ్ వస్త్రపు మూలను బుగ్గకు అద్ది ఎంత అంటిందో చూడండి. గది చీకటి చేసి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకోండి, మీరు చూసుకోవడానికే. సిలికా పొడి ఎక్కువైతే మామూలు వెలుతురులో కనబడకపోయినా ఫ్లాష్‌కు తెల్లని మరకలుగా తేలుతుంది. ఒకటిన్నర గంటకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి కిటికీ దగ్గర చేతి అద్దం పట్టుకొని మూడు చోట్లూ చూడండి. బుగ్గల గుంటల్లో రంగు దిగితే ఫౌండేషన్ ఎక్కువైంది. పెదవుల చుట్టూ పొట్టు లేస్తే మాయిశ్చరైజర్ తక్కువైంది. ముక్కు ఒక్కటే జారితే సీసా మార్చనక్కరలేదు, అక్కడ మాయిశ్చరైజర్ మానేసి చూడండి. ఇషాకు కడిగి, మళ్ళీ వేసుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాసిపెట్టుకోండి. మొదటిసారి నలభై నిమిషాలు పట్టవచ్చు. రెండోసారికి ఇరవై అయిదుకు తగ్గుతుంది. షాదీఖానాలో జనానా వైపు కుళాయి ఎక్కడుందో, అందులో సాయంత్రం నీళ్ళు వస్తాయో రావో ముందుగా ఒకరిని పంపి కనుక్కోండి.